ఎరుపు వెలిగింది, నీలం ఎందుకు వెలగలేదు?

"బతుకమ్మ దగ్గర డెకరేషన్‌కు ఎర్ర, నీలి ఎల్‌ఈడీలు తెచ్చి, ఒక్కోదానికి 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి రెండు పెన్సిల్ సెల్స్‌కు కలిపిన. ఎర్రవి బాగానే ఉన్నయి, నీలివి కొన్ని రోజులకే ఆరిపోయినయి. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో ఎర్రదానికి 1.8 వస్తుంది, నీలిదానికి రీడింగ్ రాక OL అని చూపిస్తుంది. పీసులు ఖరాబైనయా?"
– ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

పీసులను పారేయకండి. చాలావరకు అవి బాగానే ఉండి ఉంటాయి, వాటికి వోల్టేజే చాలడం లేదు.

ఎల్‌ఈడీలో కరెంట్ పారేటప్పుడు పై శక్తిస్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్ కింద ఖాళీగా ఉన్న హోల్‌లోకి పడుతుంది. ఆ రెండు స్థాయిల మధ్య తేడానే బ్యాండ్ గ్యాప్. పడినప్పుడు మిగిలే శక్తి ఒక ఫోటాన్‌గా, అంటే వెలుగుగా బయటికొస్తుంది. గ్యాప్ ఎంతో రంగు అంత. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలో తెలుస్తుంది. 630 నానోమీటర్ల ఎరుపుకు 1.97, 465 నానోమీటర్ల నీలానికి 2.67 వస్తుంది. ఎల్‌ఈడీకి కావాల్సిన వోల్టేజ్ కూడా దాదాపు ఈ అంకె దగ్గరే ఉంటుంది. బాగా వెలగాలంటే ఎర్రదానికి సుమారు 2, నీలిదానికి సుమారు 3 వోల్టులు కావాలి.

రెండు కొత్త సెల్స్ కలిపి 3 వోల్టుల పైచిలుకు ఇస్తాయి. కొంత వాడాక అది 2.5కి దిగుతుంది. ఎర్రదానికి ఇంకా మిగులే, నీలిది మాత్రం ఆరిపోతుంది. చాలా మల్టీమీటర్లు డయోడ్ మోడ్‌లో 3 వోల్టుల కంటే తక్కువే ఇస్తాయి, అందుకే OL వచ్చింది. దాన్ని చూసి పీసు పోయిందనుకోవద్దు.

మరి ఈ గ్యాప్‌ను ఎలా ఎంచుకుంటారు? పదార్థాల పాళ్లు మార్చి. గాలియం నైట్రైడ్ గ్యాప్ 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు, దాని వెలుగు కంటికి కనిపించని అతినీలలోహితం. అందులో కొంత గాలియం స్థానంలో ఇండియం కలిపితే గ్యాప్ తగ్గి నీలం, ఇంకా కలిపితే ఆకుపచ్చ వస్తుంది. కానీ ఇండియం పెరిగేకొద్దీ స్ఫటికంలో లోపాలు పెరిగి, ఎలక్ట్రాన్ల శక్తి వెలుగుకు బదులు వేడిగా పోతుంది. అందుకే ఎరుపుకు సాధారణంగా అల్యూమినియం, ఇండియం, గాలియం, ఫాస్ఫరస్ కలిసిన వేరే పదార్థం వాడతారు. సిలికాన్ చవకే, కానీ అందులో ఎలక్ట్రాన్ నేరుగా పడలేదు. స్ఫటికం కంపనం సాయం కావాలి, కాబట్టి వెలుగు దాదాపు రాదు.

లేజర్ డయోడ్‌లోనూ రంగు లెక్క ఇదే. తేడా ఏమిటంటే, వెళ్తున్న ఫోటాన్ మరో ఎలక్ట్రాన్‌ను పడేలా చేసి తనలాంటి ఫోటాన్‌నే పుట్టిస్తుంది. స్ఫటికం రెండు అంచులూ అద్దాల్లా పనిచేస్తాయి. కరెంట్ ఒక హద్దు దాటాకే లేజర్ మొదలవుతుంది.

మీ డెకరేషన్‌కు పాత 5 వోల్టుల ఫోన్ చార్జర్ వాడండి. ఒక్కో నీలి ఎల్‌ఈడీకి వరుసలో 150 ఓమ్‌ల రెసిస్టర్, ఎర్రదానికి 220 ఓమ్‌లది పెట్టండి. రెండింటిలోనూ 13 మిల్లీఆంపియర్ల చుట్టూ కరెంట్ పారుతుంది.