నష్టం ఏ గడిలో దాగుంది?

ప్రశ్న: రోజువారీ షేర్ల ట్రేడింగ్ చేస్తున్నాను. పదింటిలో ఆరు ట్రేడ్లు లాభంతోనే ముగుస్తాయి. అయినా నెలాఖరుకు డబ్బు తగ్గుతోంది. ప్రతి లాభం, నష్టం పుస్తకంలో రాస్తూనే ఉన్నాను. తప్పు ఎక్కడుందో అంతుపట్టడం లేదు.

జవాబు: లాభనష్టాల లెక్క మీ బ్రోకరు ఎలాగూ పంపుతారు. దాన్నే మళ్లీ చేత్తో ఎక్కిస్తే ఒరిగేదేమీ లేదు. బ్రోకరుకు తెలియనివి మూడు: ఎందుకు కొన్నారు, నష్టం పెరగకుండా అమ్మేయాల్సిన ధర, అంటే స్టాప్‌లాస్, ఎక్కడ అనుకున్నారు, ఆ క్షణంలో మనసు ఎలా ఉంది. ఈ మూడూ ఆర్డరు పెట్టకముందే రాయండి. సాయంత్రం కూర్చుని రాస్తే, కంగారుగా కొన్నది కూడా లాభం వచ్చిందంటే ‘ధైర్యం’ అయిపోతుంది.

ఒక వరుస ఇలా ఉంటుందనుకోండి: ‘10:40. మొదటి పావుగంట గరిష్ఠ ధరను దాటింది, 412 వద్ద 200 షేర్లు. స్టాప్‌లాస్ 407, పోతే 1,000. ఇందాకటి నష్టం రాబట్టాలని ఉంది.’ బయటపడ్డాక దాని పక్కనే: ‘స్టాప్‌లాస్‌ను 403కి జరిపాను, తర్వాత తీసేశాను. 398కి అమ్మాను. నష్టం 2,800.’

ఇలాంటివి 40 పోగయ్యాక లెక్క తీయండి. మీ నిష్పత్తితోనే ఒక ఉదాహరణ చెబుతాను. 24 ట్రేడ్లలో సగటున 800 చొప్పున లాభం 19,200. మిగిలిన 16లో 11 అనుకున్నట్టే వెయ్యి చొప్పున పోయాయి. స్టాప్‌లాస్ జరిపిన 5 మాత్రం కలిపి 14,500 మింగాయి. నికరంగా 6,300 నష్టం. ఆ అయిదూ వెయ్యి దగ్గరే ఆగి ఉంటే 3,200 లాభం. ఇప్పుడు మనసు గడి చూడండి. ఆ అయిదింటిలో నాలుగు, అంతకుముందు నష్టం వచ్చిన అరగంటలోపే మొదలైతే, తప్పు షేరు ఎంపికలో కాదు, ఆ అరగంటలో ఉంది. అలాంటప్పుడు నష్టం తర్వాత అరగంట కొత్త ఆర్డరు పెట్టకూడదన్న ఒక్క నియమం చాలు. ఒకేసారి నాలుగు నియమాలు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

సిగ్గనిపించిన ట్రేడును రాయకుండా వదిలేయడం చాలామంది చేసే పనే. శనివారం బ్రోకరు పంపిన కాంట్రాక్ట్ నోట్లు ముందు పెట్టుకుని వరుసలు లెక్కపెట్టండి. తక్కువైతే ఆ లోటే మీకు కావలసిన సమాచారం.

ఆ 3,200 చూసి మురిసిపోకండి. ఆర్డరుకు 20 రూపాయలైతే 80 ఆర్డర్లకు బ్రోకరేజీయే 1,600. లక్ష రూపాయల అమ్మకానికి ఎస్‌టీటీ పన్ను 25 చొప్పున మరో వెయ్యి దాకా, బ్రోకరేజీ మీద జీఎస్టీ వగైరా. ఇక మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. తర్వాతి 40 ట్రేడ్లలో స్టాప్‌లాస్ ఒక్కసారీ జరపకపోయినా ఖర్చులు పోను ఏమీ మిగలకపోతే, మీ పద్ధతిలోనే పస లేదని. అప్పుడు ఆ డబ్బు బయటికి తీసేయండి.