నోటీస్ 90 రోజులుంటే రిక్రూటర్‌కి ఏమని చెప్పాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నోటీస్ పీరియడ్ 90 రోజులు, ఇంకా రిజైన్ చేయలేదు. ఎంత త్వరగా జాయిన్ అవగలరని రిక్రూటర్ అడుగుతున్నారు. 30 రోజులని చెప్పేయొచ్చా?

జవాబు: చెప్పకండి. మీరు అన్న ఆ 30 రోజులే ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ తేదీగా మారతాయి. తర్వాత మీ మేనేజర్ ఒప్పుకోకపోతే, రిలీవింగ్ లెటర్ లేకుండా వెళ్లడమా, ఆఫర్ వదులుకోవడమా అన్న ఇరకాటంలో పడతారు.

ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీస్ క్లాజ్ చదవండి. రెండు విషయాలు చూడాలి. ఒకటి, మిగిలిన నోటీస్ రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లే బైఅవుట్ మీ హక్కుగా రాశారా, లేక కంపెనీ ఇష్టం మీద వదిలేశారా అన్నది. చాలా లెటర్లలో కంపెనీ ఇష్టమనే ఉంటుంది, అంటే డబ్బు కడతానన్నా వాళ్లు కాదనొచ్చు. రెండోది, ఆ డబ్బు బేసిక్ మీద లెక్కేస్తారా, గ్రాస్ మీదా అన్నది. బేసిక్ 40,000, గ్రాస్ 80,000 అయితే నెల రోజుల బైఅవుట్‌కి ఖర్చు రెట్టింపు తేడా వస్తుంది. మిగిలిన సెలవులతో సర్దుకుంటారా అనేది హెచ్ఆర్‌ని అడిగాకే లెక్కలోకి తీసుకోండి. నోటీస్‌లో సెలవు పెడితే నోటీస్‌ను అన్ని రోజులు పొడిగించే కంపెనీలూ ఉన్నాయి.

రిక్రూటర్‌కి ఇలా రాస్తే సరిపోతుంది: “నా నోటీస్ 90 రోజులు. ఇంకా రిజైన్ చేయలేదు, ఆఫర్ లెటర్ చేతికొచ్చిన మర్నాడు చేస్తాను. మా కంపెనీ బైఅవుట్‌కి ఒప్పుకుని, ఆ మొత్తం మీరు తిరిగి ఇస్తే 60 రోజుల్లో రావచ్చు. ఒప్పుకోకపోతే 90 రోజులు పడుతుంది.”

రోజులెప్పుడూ ఆఫర్ లెటర్ వచ్చాక రిజైన్ చేసే రోజు నుంచే లెక్కపెట్టండి, ఇంటర్వ్యూ నుంచి కాదు. జూన్ 10న లెటర్ వచ్చి 11న రిజైన్ చేస్తే, ఆ రోజును కూడా కలుపుకుంటే 90వ రోజు సెప్టెంబర్ 8. నెల రోజులు బైఅవుట్ అయితే 60వ రోజు ఆగస్టు 9. “సుమారు రెండు నెలలు” అనకుండా ఈ రెండు తేదీలూ ఇవ్వండి. తేదీ కనబడితే రిక్రూటర్‌కి హైరింగ్ మేనేజర్‌తో మాట్లాడటం తేలిక.

కొత్త కంపెనీ బైఅవుట్ భరిస్తామంటే ఫోన్‌లో మాట సరిపోదు, ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. సాధారణంగా ముందు పాత కంపెనీ ఇచ్చే మీ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోత పడుతుంది, ఆ కాగితం చూపిస్తే కొత్త కంపెనీ జీతంతో పాటు ఇస్తుంది. దాన్ని జీతంగానే చూసి టీడీఎస్ పట్టుకుంటారు. 80,000 మీద 30 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి 24,960 పోతుంది, చేతికి 55,040 వస్తుంది. అందుకే పన్ను కూడా వాళ్లే భరిస్తారా అని ముందే అడగాలి. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో కూడా చూసుకోండి.

రిజైన్ చేశాక మేనేజర్ నోటిమాటగా “చూద్దాంలే” అంటే దాన్ని అంగీకారం అనుకోవద్దు. చివరి పని రోజు ఫలానా తేదీ అని హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చాకే రిక్రూటర్‌కి ఖాయం చేయండి.