ఆఫీసు రోజున ఒక బీపీ, ఆదివారం ఒక బీపీ: ఏది నమ్మాలి, ఏది మార్చుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 39. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌ని. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి కారులో వెళ్లి రావడానికే రోజుకు మూడు గంటలు పోతోంది. రాత్రి 9 నుంచి 11 దాకా అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటాయి. ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో బీపీ 148/94 వచ్చింది. ఆదివారం మా ఇంటి దగ్గరి డాక్టరు చూస్తే 128/82 ఉంది, ఏమీ లేదన్నారు. ఏది నిజం? ఉద్యోగం మానలేను. మాత్రలు లేకుండా తగ్గించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: రెండూ నిజమే అయ్యుండవచ్చు. ఆదివారం ఉదయం నిద్ర చాలినంత పోయి, టిఫిన్ చేసి, తీరికగా వచ్చిన మనిషి బీపీ ఒకటి. బుధవారం సాయంత్రం నాలుగు మీటింగులు ముగించుకుని, ఇంకో రెండు మిగిలి ఉన్న మనిషి బీపీ ఇంకొకటి. క్లినిక్‌లో మామూలుగా కనిపిస్తూ, పని రోజుల్లో మాత్రం పెరిగి ఉండే బీపీని వైద్యులు మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్ అంటారు. ముసుగు వేసుకున్న బీపీ అనుకోండి. డాక్టర్ గదిలోకి రాగానే భయంతో పెరిగే బీపీకి ఇది సరిగ్గా వ్యతిరేకం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి కారణం ఉంది. గుండె, మెదడు, మూత్రపిండాల మీద పడే భారం వారంలో ఎక్కువ రోజులు ఉండే బీపీదే కానీ, డాక్టరు చూసిన ఆ ఐదు నిమిషాల బీపీది కాదు.

అయితే క్యాంపులో వచ్చిన 148/94 ను కూడా ఉన్నదున్నట్టు నమ్మమని నేను చెప్పను. క్యాంపుల్లో సాధారణంగా లైనులో నిలబడి, పక్కవారితో మాట్లాడుతూ, అంతకుముందే కాఫీ తాగి వచ్చి కుర్చీలో కూర్చోగానే పట్టీ చుట్టేస్తారు. కొలిచేటప్పుడు మాట్లాడినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా, చేతికి ఆధారం లేకుండా గాలిలో వేలాడినా, లావు చేతికి చిన్న పట్టీ కట్టినా రీడింగు ఎక్కువగా చూపిస్తుంది. అందువల్ల ముందుగా చేయవలసిన పని మీ అసలు బీపీ ఎంతో ఇంట్లోనే తేల్చుకోవడం.

దీనికి మణికట్టుకు కట్టే యంత్రం వద్దు, మోచేతి పైన కట్టే డిజిటల్ యంత్రం తీసుకోండి. పట్టీ మీ చేతి చుట్టుకొలతకు సరిపోతుందో లేదో దాని మీదే రాసి ఉంటుంది, కొనేటప్పుడే చూసుకోండి. కొలవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ ఉండకూడదు. మూత్ర విసర్జన చేసి వచ్చి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, ఫోను పక్కన పడేసి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆ తర్వాత ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. ఉదయం ఆఫీసుకు బయలుదేరే ముందు, రాత్రి కాల్స్ మొదలయ్యే ముందు, ఇలా వారం రోజులు కొలిచి కాగితం మీద రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలిన వాటి సగటు తీయండి. ఆ సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే మీకు బీపీ ఉన్నట్టే. ఇంట్లో కొలిచిన దానికి హద్దు ఇదే. క్లినిక్‌కు వాడే 140/90 తో దీన్ని పోల్చకండి.

వీలైతే ఆ వారంలోనే రెండు రోజులు యంత్రాన్ని ఆఫీసుకు తీసుకువెళ్లి, సాయంత్రం 4 గంటలకు ఖాళీ గదిలో ఇదే పద్ధతిలో కొలవండి. మీ సందేహానికి సూటిగా జవాబిచ్చేది ఆ అంకెలే. అప్పటికీ స్పష్టత రాకపోతే 24 గంటలు ఒంటికి కట్టి ఉంచే యంత్రంతో చేసే పరీక్ష ఉంది. మీకు రాత్రి కాల్స్ ఉన్నాయి కాబట్టి నిద్రలో బీపీ దిగుతోందో లేదో అందులో తెలుస్తుంది.

నిద్ర మాట ఎందుకు ఎత్తానో చెబుతాను. మీటింగులో బీపీ పెరగడం జబ్బు కాదు, శరీర సహజం. ఒత్తిడిలో అడ్రినలిన్ వంటి హార్మోన్లు విడుదలై గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, పని అయిపోయాక అవి సడలాలి. ఆరోగ్యంగా ఉన్నవారిలో నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. 11 గంటలకు కాల్ ముగించి, ఆ తర్వాత అన్నం తిని, మనసులో అదే చర్చ తిరుగుతుండగా ఒంటిగంటకు నిద్రపోయి, ట్రాఫిక్ తప్పించుకోవాలని ఆరింటికే లేచే మనిషికి ఆ దిగే సమయమే దొరకదు. కెనడాలోని క్యూబెక్‌లో 3,500 మందికి పైగా ఆఫీసు ఉద్యోగులను ఐదేళ్లపాటు గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 35 గంటల లోపు పనిచేసేవారితో పోలిస్తే 49 గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో ఈ ముసుగు బీపీ ఉండే అవకాశం 70 శాతం ఎక్కువగా కనిపించింది. మీ పని గంటలకు రాత్రి కాల్స్ కలిపి చూసుకోండి.

ఇప్పుడు తగ్గించుకోవడం సంగతి. నా దగ్గరకు వచ్చే ఒకావిడ ఉదాహరణ చెబుతాను. 44 ఏళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, రాయదుర్గం వైపు ఒక ఆడిటింగ్ సంస్థలో ఉద్యోగం. క్లినిక్‌లో ఆమె బీపీ 126/80. ఇంట్లో పని రోజుల సాయంత్రాల సగటు 144/91, శని ఆదివారాల్లో 131/83. ఆమె దినచర్యనంతా కాగితం మీద గంటగంటకూ రాయించి, అందులో మూడు చోట్ల మాత్రమే చేయి పెట్టాము. పదిహేను సలహాలిస్తే రెండు వారాల్లో అన్నీ మానేస్తారని అనుభవంతో నేర్చుకున్నాను.

మొదటిది ప్రయాణం. ఆఫీసు క్యాబ్ మానేసి మెట్రో ఎక్కారు. అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి ఆటో ఎక్కకుండా 15 నిమిషాలు వేగంగా నడిచేవారు, సాయంత్రం మళ్లీ అలాగే. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులకు 150 నిమిషాలు, అంటే వారానికి కావలసిన వ్యాయామం ప్రయాణంలోనే పూర్తయిపోయింది. జిమ్‌కు డబ్బు కట్టి వెళ్లలేకపోయానని బాధపడే అవసరం లేకపోయింది. మీకు ఇది ఇంకా సులువు. ఉప్పల్ నుంచి రాయదుర్గానికి రైలు మారకుండానే వెళ్లవచ్చు. గచ్చిబౌలి దాకా మొత్తం నడవలేరు కాబట్టి కొంత దూరం నడిచి మిగతాది ఆటోలో వెళ్లండి. వారంలో మూడు రోజులు చేయగలిగినా తేడా తెలుస్తుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట మాత్రం ఈ నడక వద్దు.

రెండవది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలంటుంది, అది ఒక టీ స్పూను. ఆమె కూరల్లో ఉప్పు తక్కువే వేసుకునేవారు. కానీ మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం పక్కన ఆవకాయ, సాయంత్రం డెస్కు దగ్గర చిప్స్ ప్యాకెట్, రాత్రి ఆలస్యమైతే ఇన్‌స్టెంట్ నూడుల్స్, ఆదివారం అప్పడాలు ఉండేవి. కూరలో ఉప్పు మీద ఎంత జాగ్రత్త పడినా ఇవి అన్నీ కలిసి దాన్ని దాటేస్తాయి. ఆవకాయను పూర్తిగా మానమంటే తెలుగువారు వినరు, నాకు తెలుసు. వారానికి రెండు రోజులకు, అదీ గోరంత ముక్కకు కుదించుకున్నారు. చిప్స్ బదులు ఉప్పు లేని వేరుశనగలు, ఒక జామకాయ. రాత్రి భోజనం కాల్ తర్వాతకు వాయిదా వేయకుండా 8 గంటలకే ముగించారు.

మూడవది రాత్రి పని. దీన్ని ఆమె ఒక్కరే మార్చలేకపోయారు, పై అధికారితో మాట్లాడి వారంలో మూడు రాత్రులు తొమ్మిదిన్నర తర్వాత పని లేకుండా ఒప్పందం చేసుకున్నారు. పని ముగిశాక ల్యాప్‌టాప్ హాల్లోనే వదిలి, పది నిమిషాలు నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం అలవాటు చేసుకున్నారు. దీనివల్ల వచ్చే తగ్గుదల కొద్దిపాటిదే, కానీ నిద్ర త్వరగా పట్టింది. మీరు మేనేజర్ కాబట్టి మీ చేతిలో ఇంకొంచెం ఉంది. రోజూ కాల్‌లో మీరే ఉండాలా, టీములో ఒకరి తర్వాత ఒకరు వంతుల వారీగా ఉండవచ్చా, కాల్‌ను సాయంత్రం ఆరున్నరకు జరపవచ్చా అని అడిగి చూడండి. మీ కింద పనిచేసే వారి బీపీ కూడా ఈ నిర్ణయంతో ముడిపడి ఉంది.

పన్నెండు వారాల తర్వాత ఆమె పని రోజుల సగటు 134/84 కు దిగింది, బరువు మూడు కిలోలు తగ్గారు. అయితే సెప్టెంబరులో ఆడిట్ గడువు దగ్గరపడి రాత్రి పనులు తిరిగి మొదలయ్యేసరికి మళ్లీ 142/90 చేరింది. అప్పుడు తక్కువ మోతాదు మాత్ర ఒకటి మొదలుపెట్టాను. ఆమె దాన్ని ఓటమిలా భావించి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నిజానికి ఆ నడక, ఆ ఉప్పు నియమం లేకపోతే మాత్ర మోతాదు ఎక్కువ కావలసి వచ్చేది.

మీ విషయంలోనూ నేను అదే చెబుతాను. ఇంటి సగటు 135/85 దాటి, షుగరు, మూత్రపిండాల సమస్య, గుండె జబ్బు లేకపోతే మూడు నెలలు ఈ మార్పులతో ప్రయత్నించవచ్చు. ఆ లోపు క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీన్, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చేయించుకోండి. క్లినిక్‌లో మళ్లీ మళ్లీ 160/100 లేదా అంతకు మించి వస్తుంటే మూడు నెలలు ఆగకూడదు, మాత్ర వెంటనే మొదలుపెట్టాలి. 180/120 దాటి, దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక వైపు చేయి కాలు బలహీనపడటం వంటివి ఉంటే అది అత్యవసరం, 108 కు ఫోను చేయండి.

ఇంకో రెండు ప్రశ్నలకు ఇంట్లో వారిని అడిగి జవాబు తెలుసుకోండి. మీరు గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా? అయితే స్లీప్ ఆప్నియా ఉందేమో పరీక్షించాలి, అది ఉంటే ఈ మార్పులు చేసినా బీపీ లొంగదు. మెడ నొప్పికి, తలనొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు తరచూ వాడుతున్నారా? అవి కూడా బీపీని పెంచుతాయి.

డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లేటప్పుడు వారం రీడింగులు రాసిన కాగితంతోపాటు మీ యంత్రాన్ని కూడా తీసుకువెళ్లండి. అక్కడి పరికరంతో పోల్చి చూస్తే మీ యంత్రం సరిగ్గా చూపిస్తోందో లేదో తెలుస్తుంది. ఈసారి ఆదివారం కాకుండా పని రోజున, ఆఫీసు నుంచి నేరుగా వెళ్లండి.