రెండు ఆరు గాజు జర్మనీలో ఎందుకు పట్టలేదు?

ప్రశ్న: అక్కా, మేము ఈమధ్యే టొరంటో వచ్చాము. హైదరాబాద్ లాడ్ బజార్‌లో కొని అమ్మ పంపించే లక్క గాజులను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. సైజు దగ్గర 2.6 అంగుళాలు అని రాశాను. జర్మనీలో ఒకావిడ కొలుచుకునే కొన్నారట, అయినా చేతికి ఎక్కలేదని తిప్పి పంపుతానంటున్నారు. గాజులు సరిగ్గా రెండు ఆరు సైజే. ఇందులో నా పొరపాటు ఏమిటి?

జవాబు: గాజు సరైనదే చెల్లెమ్మా, చుక్క పెట్టడమే కొంప ముంచింది. మన గాజుల అంగడిలో రెండు ఆరు అంటే రెండు అంగుళాలు, ఆ పైన అంగుళంలో పదహారో వంతులు ఆరు. దశాంశంలో రాస్తే 2.6 కాదు, 2.375 అంగుళాలు. అదే లెక్కన రెండు నాలుగు అంటే రెండుంపావు అంగుళాలు, రెండు ఎనిమిది అంటే రెండున్నర. చిన్నప్పటి నుంచి చేతులకు ఎక్కించుకుంటూ పెరిగిన మనకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. చుక్క పెట్టినా, గీత పెట్టినా మనకు ఒకటే. బెర్లిన్‌లో ఉన్నావిడకు మాత్రం చుక్క చుక్కే.

ఆవిడ ఏం చేసి ఉంటారో చూడండి. అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలు 1959లో దీన్ని ఖాయం చేసుకున్నాయి కాబట్టి ఇందులో దేశానికో తేడా లేదు. మీరు రాసిన 2.6ను ఆవిడ 25.4తో గుణిస్తే 66 మిల్లీమీటర్లు వచ్చింది. మీరు పంపిన గాజు లోపలి వ్యాసం 60. ఆ 66 దాదాపుగా మన రెండు పది సైజు. అంటే రెండు పది చేయి ఉన్నావిడకు రెండు ఆరు గాజు వెళ్లింది, మధ్యలో రెండు సైజుల తేడా. లక్క గాజు సాగదు, సబ్బు రాసి ఎక్కించినా ఫలితం ఉండదు.

అందుకని మన సైజును చుక్కతో రాయకండి. 2-6 అని గీత పెట్టి, అది భారతీయ సైజు అని పక్కనే చెప్పండి. చుక్కతో ఇంకో తంటా కూడా ఉంది. సరుకు జాబితాను ఎక్సెల్‌లో పెట్టుకునే అలవాటు ఉంటే 2.10 అని కొట్టగానే అది 2.1 అయిపోతుంది. పోనీ గీత పెడదామంటే 2-6ను తేదీ అనుకుంటుంది. ముందుగా ఆ నిలువు వరుస మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చి, ఆ తరువాత కొట్టండి.

ఇక కొలత. పెట్టె మీద రాసిన సైజును లెక్క కట్టి మిల్లీమీటర్లలోకి మార్చడం నాకు నచ్చదు, గాజును కొలిచి రాయడమే మేలు. లక్క గాజులు చేత్తో చేసేవి, అన్నీ నిండు గుండ్రంగా ఉండవు. స్కేలును లోపలి అంచు నుంచి లోపలి అంచుకు, మధ్యగా పెట్టి చూడండి. గాజును పావు వంతు తిప్పి మళ్లీ చూడండి. రెండు కొలతల్లో తక్కువది రాయండి. బయటి అంచు కొలిస్తే లెక్కంతా తప్పుతుంది. అయిదు మిల్లీమీటర్ల మందం ఉన్న గాజుకు రెండు వైపులా కలిపి సెంటీమీటరు పెరుగుతుంది, అంటే మూడు సైజులు. కనుక వ్యాసం అని మాత్రమే రాస్తే చాలదు, లోపలి వ్యాసం అని రాయాలి.

దశాంశాలను ఎప్పుడు ఎటు సవరించాలన్నది కూడా వస్తువును బట్టి ఉంటుంది. చేయి దూరవలసిన గాజుకు కొలతను ఎప్పుడూ కిందికే సవరించండి. 63.5 వస్తే 63 అని రాయండి, 64 అని కాదు. సెంటీమీటర్లలో 6.3 అనడం కంటే మిల్లీమీటర్లలో 63 అనడం నాకు ఇష్టం. జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాల్లో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. పూర్ణసంఖ్య రాస్తే ఆ గొడవే ఉండదు. అంగుళాలు కావలసింది ముఖ్యంగా అమెరికా వారికి. వారి కోసం పక్కనే రాయండి, కానీ మీరు కొలిచిన మిల్లీమీటర్ల నుంచే లెక్క కట్టండి. సవరించిన అంకెను మళ్లీ మార్చి, దాన్ని మళ్లీ సవరిస్తే ప్రతిసారీ కొంత జారుతుంది. అంగుళానికి రెండు చిన్న గీతల గుర్తు పెట్టకండి, అక్షరాల్లో `in` అని రాయండి. ఆ గుర్తు తెలియని వారికి ఆ గీతలు ఏమీ చెప్పవు.

ఇన్ని చెప్పినా కొనేవారికి తమ చేతి వ్యాసం ఎంతో తెలియదు. బయటి దేశాల వారు చాలామంది మణికట్టు చుట్టూ కొలుచుకుంటారు, ఎందుకంటే వారు వాడే బ్రేస్‌లెట్‌కు కొక్కెం ఉంటుంది. గాజు మణికట్టును కాదు, వేళ్ల కణుపులను దాటాలి. బొటనవేలును అరచేతిలోకి మడిచి, నాలుగు వేళ్లు దగ్గరకు చేర్చి, కణుపుల దగ్గర వెడల్పైన చోట టేపు చుట్టి కొలుచుకోమని చెప్పండి. ఆ చుట్టుకొలతను గాజు లోపలి చుట్టుకొలతతో పోల్చుకుంటే చాలు. గాజుది లెక్క కట్టడానికి వ్యాసాన్ని 3.14తో గుణించండి. మన సైజుల్లో ఒక్కో మెట్టుకు చుట్టుకొలత దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు నాలుగుకు 18, రెండు ఆరుకు 19, రెండు ఎనిమిదికి 20 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మీ జర్మనీ ఆవిడ చేతి చుట్టూ 20.7 వచ్చిందని చెప్పి ఉంటే, రెండు ఆరు పట్టదని డబ్బు కట్టకముందే తెలిసిపోయేది.

మీ గాజు కొలిస్తే 60 వచ్చిందనుకుందాం. అప్పుడు ఇలా రాయండి:

```
Indian bangle size: 2-6
Inner diameter: 60 mm (2.36 in)
Inner circumference: 188 mm (7.4 in)
Measure around your knuckles, thumb folded in.
```

గాజుల తరువాత జాకెట్లు కూడా పెడతారేమో, అందుకని ఒక్క మాట. సైజు 36 అని ఊరికే వదిలేయకండి. మనకు అది ఛాతీ చుట్టూ 36 అంగుళాలు, అంటే 91 సెంటీమీటర్లు. జర్మనీలో 36 అనేది అంగుళాల కొలతే కాదు, ఆడవారి దుస్తుల సైజు నంబరు. ఆ నంబరు దుస్తులు దాదాపు 84 సెంటీమీటర్ల ఛాతీకి సరిపోతాయి. పైగా జాకెట్టును బల్ల మీద పరిచి కొలిచినది 18 అంగుళాలే ఉంటుంది. పరిచి కొలిచారా, చుట్టూ కొలిచారా, అది జాకెట్టు కొలతా, ఒంటి కొలతా అన్నవి మాటల్లో రాయకపోతే సెంటీమీటర్లలో ఇచ్చినా ప్రయోజనం లేదు.

ఫోటో విషయానికి వస్తే, గాజు పక్కన నాణెం పెట్టి తీసేవారు ఉన్నారు. కెనడా నాణెం ఎంత ఉంటుందో ఆస్ట్రేలియా వారికి ఎలా తెలుస్తుంది? బ్యాంకు కార్డు కొలత మాత్రం ప్రపంచమంతా ఒకటే, పొడవు 85.6, వెడల్పు 54 మిల్లీమీటర్లు. అంకెలు ఉన్న కార్డు కాకుండా, వాడేసిన గిఫ్ట్ కార్డు ఒకటి గాజు పక్కన పెట్టి, ఫోను వంచకుండా నిటారుగా పైనుంచి తీయండి. కార్డు వెడల్పు సరిగ్గా మన రెండు రెండు గాజు లోపలి వ్యాసమంత ఉంటుంది, కొనేవారు తమ కార్డుతో పోల్చి చూసుకుంటారు.