మదుం కింద నీళ్లు ఒక్కసారి లేచి నెమ్మదించేది ఎందుకు?

"మా ఊరి గెడ్డ మీద కట్టకున్న మదుం షట్టర్ ఎత్తితే నీళ్లు పలచగా, బాణంలా పోతాయి. కొంచెం దూరం పోయాక నురగలు కక్కుతూ లేచి, ఆ తర్వాత లోతుగా, నెమ్మదిగా సాగుతాయి. అక్కడ కింద రాయీ లేదు, గొయ్యీ లేదు. మరి ఏం అడ్డుకుంటోంది?"

అడ్డుకునేది దిగువన ఉన్న నీళ్లే. మాది గుణుపురం వైపు. సివిల్ డిప్లొమా చదివాను, దీన్ని హైడ్రాలిక్ జంప్ అంటారని పరీక్షలో రాశాను కూడా. అయితే నిజంగా అర్థమైంది మా మావయ్య పొలం పక్క గెడ్డ దగ్గరే.

అక్కడ షట్టర్ వెనక రెండు మీటర్ల నీళ్లు నిలిచేవి. షట్టర్ కింద నుంచి 20 సెంటీమీటర్ల మందాన పొర బయటికొచ్చేది. లెక్క కడితే దాని వేగం సెకనుకి సుమారు 6 మీటర్లు. లోతు తక్కువున్న నీళ్లలో అల ఎంత వేగంగా పాకుతుందనేది లోతుని బట్టి ఉంటుంది. 20 సెంటీమీటర్ల లోతులో అది సెకనుకి 1.4 మీటర్లే. అంటే దిగువన నీళ్లు నిండుగా ఉన్నాయన్న కబురు ఎదురు ఈదుతూ పైకి రాలేదు, ప్రవాహం దాన్ని వెనక్కి ఈడ్చుకుపోతుంది. కాబట్టి పలచటి పొర ముందున్నది తెలియకుండానే పరిగెడుతుంది, మెల్లగా సర్దుకునే వీలు దానికి లేదు. నెమ్మది నీళ్లు ఎదురైన చోటే అంతా ఒక్కసారిగా జరగాలి. ఓ పుల్ల గుచ్చి చూడండి. జోరు నీళ్లలో దాని అలలన్నీ కిందికే పోతాయి, లోతు నీళ్లలో కొన్ని ఎగువకీ పాకుతాయి.

ఇక ఎంత ఎత్తు లేస్తుంది అన్నది. మీటరు వెడల్పున సెకనుకి 1.2 టన్నుల నీళ్లు దూసుకొస్తున్నాయి. వాటిని ఆపే తోపుడు, రాపిడి కొంచెం వదిలేస్తే, దిగువ నీళ్ల లోతు నుంచే రావాలి. లోతు రెట్టింపైతే ఆ తోపుడు నాలుగింతలవుతుంది. మా లెక్కలో 1.1 మీటర్ల లోతు దగ్గర రెండూ సరితూగాయి. అక్కడ వేగం సెకనుకి మీటరు పైచిలుకే. శక్తిలో నూటికి 40 వంతులు పైగా ఆ నురగలోనే, సుడుల్లో నలిగి వేడిగా మారిపోతుంది. వేడంటే చెయ్యి పెడితే తెలిసేది కాదులెండి, డిగ్రీలో వెయ్యోవంతులు రెండు.

ఇప్పుడు అసలు సంగతి. దిగువన ఆ 1.1 మీటర్లు లేకపోతే? నీళ్లు లేవవు, ఇంకా ముందుకి పరిగెడతాయి. నేల రాపిడికి వేగం తగ్గుతూ, మందం పెరుగుతూ, ఉన్న లోతు సరిపోయే చోటు దొరికాకే లేస్తాయి. మా దగ్గర జరిగిందదే. షట్టర్ దిగువన గెడ్డ అడుగు కోసుకుపోకుండా పరిచిన కాంక్రీటు పలకల్ని ఏప్రాన్ అంటారు. కట్ట కట్టిన కొత్తలో నురగ గీత ఆ ఏప్రాన్ మధ్యలో ఉండేది. తర్వాత దిగువన ట్రాక్టర్లతో ఇసుక తోడారు. గెడ్డ అడుగు దిగింది, దాంతో నీటి మట్టమూ దిగింది. ఏడాదికేడాది నురగ కిందికి జరిగి ఏప్రాన్ దాటి మట్టి మీదికెళ్లింది. కాంక్రీటు తట్టుకునే పోటు మట్టికి తగిలితే ఏముంది, గొయ్యి పడింది. ఆ గొయ్యి వెనక్కి పాకి ఏప్రాన్ కిందున్న ఇసుకని లాగేసింది. పైనుంచి పలక బాగానే కనిపించేది, కర్రతో కొడితే డొల్లగా మోగేది. ఓ వానాకాలం రెండు పలకలు కూలాయి.

మొదట బాగుచేసినవాళ్లు అవే పలకలు అదే మట్టంలో మళ్లీ పోశారు. రెండేళ్లు నిలవలేదు. రెండోసారి అరమీటరు లోతుకి దించి, చివర పొట్టి గోడ కట్టి, దాని తర్వాత పెద్ద బండలు పేర్చారు. దిగువ నీటి మట్టం అలాగే ఉండి ఏప్రాన్ ఒక్కటే దిగితే దాని మీద నిలిచే నీటి లోతు పెరుగుతుంది, నురగ మళ్లీ కాంక్రీటు మీదికొచ్చింది. మీ దగ్గర కూడా ఏప్రాన్ గోడ మీద రంగుతో ఓ గీత గీసి, షట్టర్ ఒకే మేర ఎత్తి, ఏటా నురగ ఎక్కడ మొదలవుతోందో చూడండి. జరుగుతోందంటే దిగువ అడుగు కొట్టుకుపోతున్నట్టే, దాదాపుగా.

దీనికి రెండో వైపూ ఉంది. వరదకి దిగువ మట్టం బాగా పెరిగితే నురగ వెనక్కి జరిగి షట్టర్‌కే ఆనుకుని మునిగిపోతుంది. పైకి చూస్తే సద్దుమణిగినట్టే ఉంటుంది. నిజానికి జోరు పొర అడుగునే పోతుంటుంది, పైనీళ్లు మాత్రం కట్ట వైపే తిరిగొస్తుంటాయి. అలాంటి రోజున అక్కడ ఓ తాటిదుంగ పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మునుగుతూ తేలుతూ అక్కడే తిరిగింది, పది అడుగులు కూడా దిగువకి పోలేదు. పిల్లల్ని అటు ఈతకి పంపకండి.