ఇంటర్వ్యూ మర్నాడు థాంక్యూ మెయిల్: ఏం రాయాలి?

ప్రశ్న: నిన్న నెదర్లాండ్స్ కంపెనీ మేనేజర్ ఒకావిడ ఆన్‌లైన్‌లో నన్ను ఇంటర్వ్యూ చేశారు. థాంక్యూ మెయిల్ పెట్టమని మా సీనియర్ అన్నాడు. ‘రెస్పెక్టెడ్ మేడమ్’ అని మొదలుపెట్టి పేజీ నిండా రాశాను. డేటాబేస్ ప్రశ్న ఒకదానికి జవాబు తడబడ్డాను. ఆ సంగతి కూడా రాయొచ్చా?

జవాబు: రాయండి. మీ మెయిల్‌లో ఆవిడ శ్రద్ధగా చదివేది బహుశా ఆ భాగమే. అయితే పేజీని ఐదారు వాక్యాలకు కుదించాలి.

ముందు సంబోధన. నెదర్లాండ్స్ ఆఫీసుల్లో మేనేజర్‌నైనా పేరు పెట్టే పిలుస్తారు. కాల్‌లో ఆవిడ తన పేరు ఎలా చెప్పుకున్నారో, మెయిల్ కింద ఎలా సంతకం చేస్తారో చూసి, ‘డియర్’ పక్కన ఆ పేరే రాయండి. ‘రెస్పెక్టెడ్ మేడమ్’ మనకు మర్యాదే గానీ, అక్కడివాళ్లకు పేరు గుర్తులేక రాసిన మెయిల్‌లా కనిపిస్తుంది. జర్మనీ అయితే ఇలా తొందరపడొద్దు. వాళ్లు ఇంటిపేరుతో పరిచయం చేసుకుంటే, డాక్టరేట్ ఉంటే దాన్ని కూడా కలిపి, ఇంటిపేరుతోనే రాయాలి.

మొదటి వాక్యంలో ‘థాంక్యూ ఫర్ టేకింగ్ ద టైమ్ టు స్పీక్ విత్ మీ యెస్టర్‌డే’ అంటే చాలు. రెండో వాక్యంలో మీ ఇద్దరి మధ్య నడిచిన మాటే ఒకటి ఉండాలి. ఆవిడ తన టీమ్ పని గురించి చెప్పినవాటిలో మీకు నిజంగా ఆసక్తి కలిగించినదేదో రాయండి. మరో కంపెనీకి పంపినా అతికిపోయే వాక్యమైతే తీసేయండి.

ఇక తడబడ్డ ప్రశ్న. ఉదాహరణకు, ఇండెక్స్ ఉన్నా క్వెరీ ఎందుకు నెమ్మదిగా నడుస్తోందని అడిగారనుకుందాం. కారణం ఈ వరుసలో ఉంది:

```
WHERE YEAR(order_date) = 2024
```

కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టేస్తే దాని మీదున్న మామూలు ఇండెక్స్ సాధారణంగా పనికిరాదు. తేదీల హద్దులుగా మార్చి రాస్తే పనికొస్తుంది:

```
WHERE order_date >= '2024-01-01'
  AND order_date < '2025-01-01'
```

మెయిల్‌లో, కాల్ తర్వాత ఆ ప్రశ్న గురించి మళ్లీ ఆలోచించానని ఒక వాక్యం, కారణం ఒక వాక్యం, మార్చిన వరుస. అంతే. క్షమాపణలొద్దు, నెర్వస్ అయ్యానన్న వివరణా వద్దు. ఇలా సరిదిద్దడం ఒక్క ప్రశ్నకే బాగుంటుంది. మూడు నాలుగు జవాబులు తిరగరాస్తే పరీక్ష అయ్యాక పేపర్ మళ్లీ ఇచ్చినట్టుంటుంది. ఇంటర్వ్యూ మొత్తం బలహీనంగా సాగితే ఈ మెయిల్ ఫలితాన్ని మార్చలేదు కూడా.

జీతం, వీసా మాటలు ఇందులో ఎత్తకండి, అవి హెచ్ఆర్‌తో మాట్లాడాల్సినవి. ‘పాస్డ్ అవుట్ ఇన్ 2024’ అని ఉంటే ‘గ్రాడ్యుయేటెడ్’ అని మార్చండి, వాళ్లకు అది స్పృహ తప్పిన మాటలా వినిపిస్తుంది.

ఆవిడ అడ్రస్ మీ దగ్గర లేకపోతే ఎక్కడా వెతకొద్దు. ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన హెచ్ఆర్‌కు అదే మెయిల్ థ్రెడ్‌లో పంపి, ఆవిడకు అందజేయమని అడగండి. అక్కడ ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. ఆ సమయానికి పంపితే సరిపోతుంది.

జవాబు రాకపోయినా కంగారు పడకండి, చాలామంది ఇలాంటి మెయిల్‌కు తిరిగి రాయరు. ఫలితం చెబుతామన్న తేదీ దాటాక హెచ్ఆర్‌ను ఒకసారి అడగండి, ఈలోపు రెండో మెయిల్ వద్దు.