బోర్డు ముందు పెట్టే పట్టిక గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన స్లయిడ్ చూశాను. డెయిరీ లాభనష్టాల పట్టికను ఎక్సెల్ నుంచి ఉన్నదున్నట్టు తెచ్చి అతికించేశావు. పద్దెనిమిది వరుసలు, రెండేళ్ల అంకెలు, పైసలొక్కటే తక్కువ. నేనంటే ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదివాను. మీటింగులో తెర దగ్గరికొచ్చి ఎవరు చదువుతారు?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేశాను. ఇరవై రెండు వరుసలు చూపిస్తే ఒక డైరెక్టరు గారు స్టేషనరీ ఖర్చు పట్టుకున్నారు. అది ఎనిమిది వేలు పెరిగింది. దాని మీదే ఇరవై నిమిషాలు నడిచింది. ఆ ఏడు వడ్డీ రెట్టింపయిన సంగతి ఎవరి కంటా పడలేదు. ఆయన్ని ఏమనగలను? అన్నిటినీ ఒకే సైజులో పెట్టింది నేనే.

ముందు అంకెల సంగతి. అమ్మకాలు 42,18,63,407 అని రాశావు. చివరి 407 రూపాయలతో బోర్డుకు పనేం లేదు. అలాగని తొందరపడి కోట్లలోకి మార్చకు. అమ్మకాలు 42.2 కోట్లంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ లాభం వరుస చూడు. పోయినేడు 96,18,402, ఈ ఏడు 71,25,918. ఒక్క దశాంశంతో కోట్లలో రాస్తే 1.0 నుంచి 0.7 అవుతుంది. చూసేవాళ్లు ముప్పై శాతం పడిపోయిందనుకుంటారు. నిజానికి పడింది 26 శాతం. అందుకే యూనిట్‌ని పెద్ద అంకెను చూసి కాదు, నువ్వు మాట్లాడబోయే వరుసల్లో అన్నిటికంటే చిన్నదాన్ని చూసి ఎంచుకోవాలి. మనకు లక్షలు సరిపోతాయి, దశాంశం అక్కర్లేదు. కంపెనీల చట్టం మూడో షెడ్యూలు ప్రకారం కూడా మొత్తం ఆదాయం వంద కోట్ల లోపున్న కంపెనీలు అచ్చు లెక్కల్లో లక్షల్లోకి రౌండ్ చేయొచ్చు, కోట్లు కుదరవు. ఆ విధంగానూ స్లయిడూ, అచ్చు లెక్కలూ ఒకే తీరులో ఉంటాయి.

పద్దెనిమిది వరుసల్లో మూడే ఉంచి, మిగతా ఖర్చులన్నీ ఒక్కటిగా కలిపి చూశాను.

| లక్షల రూపాయల్లో | పోయినేడు | ఈ ఏడు |
|---|---:|---:|
| అమ్మకాలు | 3,847 | 4,219 |
| పాల కొనుగోలు | 2,961 | 3,339 |
| ఇతర ఖర్చులు | 789 | 808 |
| నికర లాభం | 96 | 71 |

ఇప్పుడు కథ కనిపిస్తోందా? అమ్మకాలు 372 లక్షలు పెరిగితే, పాల కొనుగోలు 378 లక్షలు పెరిగింది. పెరిగిన అమ్మకం మొత్తం పాలకే పోయింది. నీ పద్దెనిమిది వరుసల్లో ఇది ఉంది, కానీ వెతుక్కోవాలి. స్లయిడ్ పైన "లాభనష్టాల పట్టిక" అని కాకుండా ఈ మాటే రాయి: "పెరిగిన అమ్మకం కంటే పాల ఖర్చే ఎక్కువ పెరిగింది".

ఒక చిక్కుంది. పోయినేటి అంకెల్లో అమ్మకాల్లోంచి రెండు ఖర్చులూ తీసేస్తే 97 వస్తుంది, పట్టికలో 96 ఉంది. ఈ ఏడూ అంతే, 72 రావాలి, 71 ఉంది. బోర్డులో పెన్ను పట్టుకుని కూడే పెద్దమనిషి ఒకరు తప్పక ఉంటారు. కంగారుపడి ఏ ఖర్చునో ఒక లక్ష సవరించేయకు. రేపు ఆడిట్ అయిన లెక్కతో పోల్చినప్పుడు అది తప్పుగా తేలుతుంది. ప్రతి అంకెనూ అసలు రూపాయల్లోంచే విడిగా రౌండ్ చెయ్యి, ఇలా:

```
=ROUND(B5/100000,0)
```

రౌండ్ చేసిన వాటిని మళ్లీ కూడొద్దు. శాతాలు కూడా అసలు అంకెల మీదే కట్టాలి. 96, 372 లాంటి చిన్న అంకెల్లో సగం లక్ష తేడాకే శాతం మారిపోతుంది. పట్టిక కింద చిన్నగా "రౌండ్ చేయడం వల్ల కూడికలో ఒక లక్ష తేడా ఉండొచ్చు" అని రాస్తే ఆ పెద్దమనిషి శాంతిస్తారు.

ఇక రంగులు. నువ్వు అమ్మకాలకు పచ్చ, ఖర్చులకు ఎరుపు, మొత్తాలకు పసుపు వేశావు. అన్నీ మెరిస్తే ఏదీ మెరవదు. పాల కొనుగోలు, నికర లాభం ఈ రెండు వరుసలకే బోల్డ్ పెట్టి, వెనక లేత నీలం వెయ్యి. మిగతా రెండింటి అక్షరాలు బూడిద రంగులో ఉండనీ. లేత పసుపు మాత్రం వద్దు, ప్రొజెక్టరులో తెల్లగా పోతుంది. మీటింగు హాలులో ముందురోజే ఓసారి వేసి, చివరి కుర్చీలో కూర్చుని చూసుకో. అంకెలన్నీ కుడివైపుకే సర్దు, వందల కింద వందలు పడాలి.

పద్దెనిమిది వరుసల పట్టికను పారేయకు. ప్రింటు తీసి అందరి ముందూ పెట్టు. డీజిలు ఎంతయిందని ఎవరైనా అడిగితే కాగితంలో ఫలానా వరుస చూడమనొచ్చు. "ఇతర ఖర్చులు"లో ఏమేం కలిపావో ఆ కాగితం మీదే గీత పెట్టి చూపించు, లేకపోతే ఏదో దాచావనుకుంటారు. నిజంగానే వాటిలో ఒకటి బాగా పెరిగి ఉంటే దాన్ని కలపకు, స్లయిడ్ మీద ఐదో వరుసగా తీసుకురా. కరెంటు బిల్లు ఓసారి చూడు, నాకు అక్కడే కొంచెం అనుమానంగా ఉంది.

మార్చాక మళ్లీ పంపు.

మీ బాబాయి